అమ్మమ్మ చెప్పిన పున్నమి

జూన్ ఒకటో తారీఖున మన తెలుగునాట పుట్టినరోజులు చాలా ఎక్కువ. యాభై దాటిన వాళ్లను ఎవరినైనా అడిగి చూడండి. ఆఫీసు కాగితాల్లో జూన్ 1 ఉంటుంది, కాకపోతే జూలై 1. ఇంట్లో మాత్రం ‘సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజున పుట్టావురా’ అని అమ్మ చెప్పిన మాట వేరే ఉంటుంది. ఆ రెండు పుట్టినరోజులతోనూ ఏ తగువూ లేకుండా ఒక తరమంతా బతికేసింది.

ఆ తారీఖులు రాసినవాళ్లలో ఒకాయన మాకు తెలిసిన మాస్టారు. తూర్పు గోదావరి మెట్ట ఊళ్లలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు. బడి తెరిచే రోజుల్లో తల్లిదండ్రులు పిల్లాణ్ని చెయ్యిపట్టుకు తెచ్చి నిలబెట్టేవారట. ‘ఎప్పుడు పుట్టాడమ్మా?’ అంటే ‘అమ్మవారి జాతరకి నెలల పిల్లాడండి’ అనేవారు. ఆయన లెక్కగట్టి, ఆ జూన్ నాటికి అయిదేళ్లు నిండేట్టు ఒక తారీఖు వేసేవారు. కుడిచేత్తో తల మీంచి ఎడమ చెవి అందుకోమని చూసి వయసు తేల్చడమూ ఉండేది. వేరే దారి లేదు. బడిలో చేర్చుకోకపోతే పిల్లాడు గేదెల వెంట పోతాడు.

అలా ఎంతోమందికి పుట్టినరోజు రాసిచ్చిన మాస్టారికి, తన కూతురు పుట్టినట్టు ఏ జనన రిజిస్టరులోనూ లేదన్న సంగతి ఆ అమ్మాయికి దాదాపు నలభై ఏళ్లు వచ్చాక తెలిసింది. ఆ కాగితం కోసం ఆయన తిరిగిన దారి తెలుసుకోదగ్గది. ఇలాంటి అవసరం పడ్డ ఇళ్లు మన చుట్టూ చాలానే ఉన్నాయి.

అమ్మాయి అమెరికాలో ఉంటుంది. చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అన్నీ అయ్యాయి. ఇన్నాళ్లూ జనన ధ్రువపత్రం అవసరమే పడలేదు. 1989 జనవరి 26కు ముందు పుట్టినవాళ్లకు పాస్‌పోర్టు కోసం అది తప్పనిసరి కాదన్నది అప్పటి నిబంధన. టెన్త్ మార్కుల మెమో సరిపోయింది. గ్రీన్‌కార్డు దరఖాస్తు వేళకు వచ్చేసరికి లాయరు అడిగిన కాగితాల్లో మొదటిది అదే. ‘నాన్నా, నా బర్త్ సర్టిఫికెట్ ఎక్కడుంది?’ అని ఫోను. మాస్టారు బీరువాలో కాగితాలన్నీ మంచం మీద పరిచారు. టీకాల కార్డు దొరికింది. బారసాల నాటి ఫొటో దొరికింది. ఆ కాగితం మాత్రం లేదు.

మొదట ఆయన తాము కాపురమున్న ఊళ్లో పంచాయతీ కార్యదర్శిని అడిగారు. అమ్మాయి పెరిగిందీ, చదివిందీ అక్కడే. రేషన్ కార్డులో పేరు ఎక్కిందీ అక్కడే. కానీ జననం నమోదయ్యేది పెరిగిన చోట కాదు, పుట్టిన చోట. మన ఇళ్లలో తొలి కాన్పు పుట్టింట్లో. ఇది మనందరికీ తెలిసిన ఆచారమే అయినా, కాగితం వెతుక్కునేటప్పుడు చాలామంది మర్చిపోతారు. తండ్రి ఊరి రిజిస్టరులో లేదని తేలగానే ఎక్కడా లేదనుకుని కూర్చుంటారు. అమ్మమ్మగారి ఊళ్లో అది ఉండి కూడా ఉండొచ్చు.

మాస్టారి అత్తవారిది కోనసీమలో ఒక లంక ఊరు. అమ్మాయి పుట్టింది 1986 ఆగస్టులో. ఆ నెల పేరు చెబితే గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లెవరికీ వేరే గుర్తు చెయ్యక్కర్లేదు. ఆగస్టు 16న భద్రాచలం దగ్గర నది 75.6 అడుగులకు చేరింది. కింద లంకలన్నీ మునిగాయి. నిండు చూలాలు కదా అని, ఏరు పెరుగుతుండగానే మాస్టారి భార్యను పడవ మీద గట్టు దాటించి, దగ్గర్లో ఉన్న పట్నంలో సర్కారు ఆసుపత్రికి చేర్చారు. మాస్టారు మెట్టలో చిక్కుకుపోయారు. బిడ్డ మొహం ఆయన చూసింది నీళ్లు తీశాకనే.

అంటే పుట్టింది లంకలో కూడా కాదు, ఆసుపత్రి ఉన్న పట్నంలో. ఇది రెండో మెలిక. లంక పంచాయతీలో ఆయన రిజిస్టరు తీయించి చూస్తే ఎలా కనబడుతుంది? పుట్టుక ఆసుపత్రిలో అయితే, ఆ సంగతి రిజిస్ట్రారుకు తెలియజేయాల్సింది ఆసుపత్రి వాళ్లు. నమోదయ్యేది ఆ పట్నం పుస్తకంలో. ఇంట్లో కాన్పయితే ఇంటి పెద్ద చెప్పాలి. పుట్టిన 21 రోజుల్లోగా చెబితే ఏ రుసుమూ లేదు. ఇదంతా 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం, దాని కింది నిబంధనల్లోదే.

పట్నం రిజిస్టరు దగ్గర మాస్టారికి సాయం చేసింది ఒక పాత గుమాస్తా. ఆయన చెప్పిన జాగ్రత్తలు రెండూ మేలైనవి. మొదటిది, ఈ పుస్తకాలు పుట్టిన తారీఖుల వరసలో ఉండవు, నమోదు చేసిన వరసలో ఉంటాయి. ఆలస్యంగా చెప్పిన జననం తర్వాతి నెలలోనో, మరుసటి ఏడాది పుస్తకంలోనో ఉంటుంది. అందుకని 1986 ఒక్కటే చూసి ఆగకూడదు. 87 కూడా తిప్పాలి.

రెండోది, బిడ్డ పేరు కోసం వెతకొద్దు, తల్లిదండ్రుల పేర్ల కోసం వెతకమన్నాడాయన. ఆసుపత్రి నుంచి వెళ్లే చీటీలో అప్పటికి బిడ్డకు పేరుండదు. బారసాల ఇంకా కాలేదు కదా. ఆడశిశువు, మగశిశువు అని మాత్రమే ఉంటుంది. పేరు గడి ఖాళీగా ఉన్న జననాలు పాత పుస్తకాల నిండా ఉంటాయి. అలా దొరికితే అది కొత్త నమోదు కాదు, ఉన్న నమోదులో పేరు చేర్చడం. దారి వేరు, శ్రమ తక్కువ. ఏడాదిలోపు రుసుము లేకుండా, ఆ తర్వాత నమోదైన నాటి నుంచి 15 ఏళ్ల దాకా రుసుముతో పేరు చేర్చవచ్చని నిబంధన. అదీ దాటిపోతే ఏం చేయాలో అక్కడి రిజిస్ట్రారునే అడగాలి. నమోదు ఉందో లేదో చూడకుండా కొత్తదానికి దరఖాస్తు పెడితే, ఒకే మనిషి రెండుసార్లు పుట్టినట్టు అవుతుంది. రేపు పాతది బయటపడితే కొత్తది కూడా అనుమానంలో పడుతుంది.

రెండేళ్ల పుస్తకాలూ చూశారు. లేదు. ఆ ఆగస్టు నెల రెండో సగంలో అసలు నమోదైన పుట్టుకలే కొన్ని. ఊరంతా వరద బాధితులతో నిండిపోయి, ఆసుపత్రి వరండాల్లో కూడా జనం పడుకున్న రోజులవి. చీటీ రాసి పంపడం ఎవరికి గుర్తుంటుంది? మాస్టారు ఆ మాట చెప్పేటప్పుడు ఎవరినీ తప్పుపట్టలేదు. మనమూ పట్టలేం. తల్లినీ బిడ్డనూ క్షేమంగా ఇంటికి పంపారు, ఆ రోజుల్లో అది చిన్న పని కాదు.

లేదని తెలుసుకుంటే చాలదు. లేదని కాగితం మీద రాయించుకోవాలి. రిజిస్టరు వెతికించుకుని, ఫలానా కాలంలో ఫలానా జననం నమోదు కాలేదని రిజిస్ట్రారు ఇచ్చే పత్రం అది. అందరూ ‘నాన్ అవైలబిలిటీ’ అంటారు. ఆలస్యపు నమోదు ఫైలుకు ఆ కాగితమే పునాది. ఊరికే ‘కనబడలేదు’ అని కాకుండా, ఏ ఏ ఏళ్ల పుస్తకాలు చూశారో అందులో రాయించుకుంటే మంచిది.

ఇక ఆధారాలు. పుట్టుక గురించి సొంతంగా సాక్ష్యం చెప్పలేనివాళ్లు లోకంలో ఒక్కరే ఉంటారు, పుట్టినవాళ్లే. నేను ఫలానా రోజున పుట్టాను అని మనం ఎంత ధీమాగా అన్నా, అది ఎవరో చెప్పగా విన్న మాటే. అమ్మో, అమ్మమ్మో, మంత్రసానో, డ్యూటీలో ఉన్న నర్సో చూశారు, చెప్పారు, మనం నమ్మాం. ఏళ్లు గడిచాక అధికారి అడిగేదీ ఆ సంగతే. ఈ తారీఖు మొదట ఎవరు చెప్పారు, ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు?

బడి కాగితం బలమూ, బలహీనతా కూడా అక్కడే ఉన్నాయి. టెన్త్ మెమోలో తారీఖు అచ్చులో ఉంటుంది, ప్రభుత్వ ముద్ర ఉంటుంది. మన దగ్గర వయసుకు అంతకంటే ఎక్కువగా వాడే కాగితం లేదు. కానీ ఆ తారీఖు టెన్త్‌కు ఎక్కడి నుంచి వచ్చింది? హైస్కూలు నుంచి. హైస్కూలుకు? ప్రాథమిక పాఠశాల టీసీ నుంచి. అక్కడికి? ఆ జూన్ నెలలో మాస్టారు వేసిన లెక్క నుంచి. 1988లో ఒక ఎన్నికల కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే అంది. బడి రిజిస్టరును సాక్ష్యంగా తీసుకోవచ్చు గానీ, అందులోని తారీఖు ఎవరు చెప్పగా రాశారో తెలియకపోతే దానికి పెద్ద విలువ ఉండదని. ఆ తీర్పు సంగతి మేం చెబితే మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘నిజమేనండి, చెప్పింది తల్లే అయినా తారీఖు వేసింది నేనే కదా’ అన్నారు.

తన కూతురి విషయంలో మాత్రం ఆయన అసలు తారీఖే వేశారు. జూన్‌కు అయిదేళ్లు నిండవు కాబట్టి ఆ ఏడాదికి ఇంట్లోనే పలక పట్టించి, మరుసటి ఏడు చేర్చారు. తోటి మాస్టర్లు, ఒక ఏడాది ఎందుకు పోగొడతావన్నారట. మెమో మీద 19-8-1986 అని ఉంది. ఆ ఒక్క ఏడాది ఓపిక ఇప్పుడు ఫైలుకు అక్కరకొచ్చింది.

ఆసుపత్రి కాగితానిది వేరే తీరు. అది కాన్పయిన గంటలోనే రాసినది. రాసినవాళ్లకు ఆ తారీఖు ముందుకో వెనక్కో జరపాల్సిన అవసరం లేదు. అందుకే బడి కాగితం కంటే దాని మాట సూటిగా ఉంటుంది. చిక్కల్లా దొరకడంలోనే. కేస్ షీట్లు అన్నేళ్లు దాచరు. డిశ్చార్జి చీటీ ఇంట్లో ఉంటే ఉన్నట్టు. అయితే ప్రసవాల గదిలో ఒక పెద్ద పుస్తకం ఉంటుంది. ఏ రోజు ఎవరు కన్నారు, ఆడా మగా, బరువెంత అని వరసగా రాసేది. కేస్ షీట్లు పోయిన చోట్ల కూడా ఒక్కోసారి ఈ పుస్తకాలు ఏ పాత గదిలోనో మిగిలి ఉంటాయి. కాబట్టి ఆసుపత్రికి వెళ్లినవాళ్లు ‘మా అమ్మాయి కాగితాలు’ అని కాక, ‘ఫలానా ఏడాది ప్రసవాల రిజిస్టరు’ అని అడగాలి. దొరికితే దాని నకలు మీద సూపరింటెండెంటు సంతకం, ముద్ర ఉండాలి. సెల్‌ఫోన్లో తీసుకున్న ఫొటో పనికిరాదు.

మాస్టారికి దొరికింది. అట్ట ఊడిపోయింది, అంచులు చెమ్మకు అతుక్కుపోయి ఉన్నాయి. ఆగస్టు 19 నాటి వరసల్లో ఒకటి, ‘ఆడ, 2.6 కేజీలు, ఉదయం 4.10’. తండ్రి పేరు, ఊరి పేరు సరిగ్గా ఉన్నాయి. తల్లి పేరు దగ్గర ‘బుల్లెమ్మ’ అని ఉంది.

ఆవిడ బడి పేరు వేరు, ఆధార్‌లో పేరు వేరు. బుల్లెమ్మ అన్నది పుట్టింట్లో పిలుపు. ఆ రాత్రి ఆసుపత్రిలో పేరు చెప్పింది ఆవిడ తల్లి. వాన, వరద, కూతురికి నొప్పులు. నర్సు ‘పేరేంటమ్మా’ అంటే ఆ తల్లి నోట వచ్చేది రోజూ పిలిచే పేరే. మనలో ఎవరమైనా అంతే చేస్తాం. ఇన్నేళ్లకు ఆ ఒక్క పిలుపు ఫైలుకు అడ్డుపడింది.

ఆలస్యపు నమోదుల్లో ఎక్కువగా పీకలమీదికి వచ్చేవి ఇలాంటివేనని ఈ పని తెలిసినవాళ్లంటారు. తారీఖుల తేడా కంటే పేర్ల తేడా. పుట్టింటి ఇంటిపేరు ఒకచోట, అత్తింటి ఇంటిపేరు ఒకచోట. ఇనీషియల్ ముందు ఒకచోట, వెనక ఒకచోట. ‘లక్ష్మి’కి ఇంగ్లిషులో నాలుగు రకాల స్పెల్లింగులు. ఇద్దరూ ఒకే మనిషి అని తల్లి స్వయంగా ప్రమాణపత్రం రాసి, దానికి పుట్టింటి ఊరి పెద్దల మాట తోడైతే గాని అది తేలదు. పుట్టింటి ఊరివాళ్లే ఎందుకంటే, ఆ పిలుపు తెలిసింది వాళ్లకే. అత్తింటి వీధిలో బుల్లెమ్మ ఎవరంటే ఎవరికీ తెలియదు.

పుట్టి ఏడాది దాటిన జననాన్ని రిజిస్ట్రారు తనంతట తాను రాయలేడు. మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. చట్టంలో మునుపు ప్రథమ శ్రేణి మేజిస్ట్రేటు అని ఉండేది. 2023 సవరణ ఆ ఏడాది అక్టోబరు 1న అమల్లోకి వచ్చాక జిల్లా మేజిస్ట్రేటు, లేదా సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, లేదా కలెక్టరు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు అని మారింది. మన వాడుకలో ఆర్డీవో గారన్నమాట. ఆయన కూడా పుట్టిన చోటు మీద అధికారం ఉన్నవారే అయ్యుండాలి. మాస్టారు ముందు తామున్న డివిజన్ ఆఫీసుకు వెళ్లి వెనక్కి వచ్చారు. ఆయన ఉద్యోగం చేసిన రోజుల్లో మెట్టా, లంకా అంతా ఒకే తూర్పు గోదావరి. 2022 ఏప్రిల్ నుంచి లంక ఊళ్లు, ఆ పట్నం కోనసీమ జిల్లాలోకి వచ్చాయి. పాత కాగితం మీద ఉన్న జిల్లా పేరు చూసి వెళితే దారి తప్పుతాం. తెలంగాణలోనూ 2016 తర్వాత ఇదే పరిస్థితి. పుట్టిన ఊరు ఇప్పుడు ఏ డివిజన్ కింద ఉందో ముందు కనుక్కోవాలి.

మీసేవలో దరఖాస్తు పెట్టారు. నమోదు లేదన్న పత్రం, ప్రసవాల రిజిస్టరు నకలు, టెన్త్ మెమో, తల్లిదండ్రుల గుర్తింపు కాగితాలు, ఇన్నాళ్లూ ఎందుకు నమోదు చేయలేదో చెప్పే ప్రమాణపత్రం, పేరు గురించిన రెండో ప్రమాణపత్రం జతచేశారు. దరఖాస్తులో అమ్మాయి పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాశారు. ఈ మాట పైకి చిన్నదే. ఉత్తర్వు వచ్చాక అందులో ఒక అక్షరం తేడా ఉంటే దాన్ని దిద్దించుకోవడం మళ్లీ ఇంకో ప్రయాణం.

ఆ పైన విచారణ. ఆర్డీవో ఆఫీసు నుంచి కాగితం తహసీల్దారుకు, అక్కడి నుంచి కింది ఉద్యోగికి వెళుతుంది. ఆయన ఊళ్లోకి వచ్చి తెలిసినవాళ్ల వాంగ్మూలం తీసుకుంటాడు. ఈ ఘట్టం కాగితాల మీద రెండు వాక్యాల్లో అయిపోతుంది గానీ, లంకలో అమ్మమ్మగారి అరుగు మీద మాత్రం ఒక పూటంతా పట్టింది.

అమ్మమ్మ ఎనభై దాటిన మనిషి. చూపు ఆనడం లేదు, జ్ఞాపకం మాత్రం ఇంకా గట్టిది. తారీఖు అడిగితే చెప్పలేదు. ‘జంధ్యాల పున్నమండి బాబూ, మంగళవారం. తెల్లారగట్ట. పున్నమి నాడు పిల్ల పుట్టిందని అక్కడ ఆయమ్మ కూడా అంది’ అంది. వచ్చిన ఉద్యోగి కుర్రవాడు. రాసుకున్నాడు గానీ, పున్నమిని తారీఖుగా ఎలా వేయాలో తెలియక మాస్టారి వంక చూశాడు. మాస్టారు లోపలికి వెళ్లి, అటక మీద నుంచి అక్షయ నామ సంవత్సరం పంచాంగం దింపించారు. శ్రావణ శుద్ధ పౌర్ణమి, మంగళవారం, ఆగస్టు 19.

పంచాంగాన్నీ, జాతకాన్నీ అధికారులు గట్టి ఆధారంగా తీసుకోరు. అది సబబే. జాతకం ఎప్పుడైనా రాయించుకోవచ్చు. కానీ ఒక ముసలావిడ తిథి, వారం రెండూ చెప్పి, ఆ రెండూ ఆసుపత్రి పుస్తకంలోని తారీఖు దగ్గర కలిసినప్పుడు, వింటున్నవాడికి అనుమానం తీరుతుంది. తిథి ఒక్కటే అయితే పొరపాటు పడొచ్చు. తిథితో పాటు వారం కూడా తప్పకుండా చెప్పడం కల్పనకు అంత తేలికగా కుదరదు. ఆ కుర్రవాడు అమ్మమ్మ మాటను ఆమె మాటల్లోనే రాసి వేలిముద్ర వేయించుకున్నాడు. పక్కింటి పెద్దాయన, నాడు పడవ నడిపిన మనిషి కొడుకు, ఇద్దరూ సంతకాలు పెట్టారు. బుల్లెమ్మ ఎవరని అడిగితే అరుగు మీదున్న వాళ్లంతా మాస్టారి భార్య వైపు చూపించారట. ఆవిడ సిగ్గుపడింది.

ఇక్కడ తారీఖులు కలిశాయి కాబట్టి కథ సాఫీగా సాగింది. కలవని ఇళ్ల సంగతి వేరు. ఆసుపత్రి పుస్తకంలో నవంబరు ఉంటుంది, మెమోలో జూన్ 1 ఉంటుంది. పాస్‌పోర్టు, ఉద్యోగం, పిల్లల కాగితాలు అన్నీ జూన్ మీదే నడిచి ఉంటాయి. అప్పుడు చాలామందికి ఆసుపత్రి చీటీని పక్కన పెట్టేద్దామనిపిస్తుంది. ఆ ఆలోచన వెనక దురుద్దేశం ఉండదు, భయం ఉంటుంది. అయినా మాకు తోచేది ఒకటే. రెండు కాగితాలూ అధికారి ముందు పెట్టి, బడిలో ఆ తారీఖు ఎలా పడిందో ఉన్నదున్నట్టు చెప్పడం మంచిది. ఏది నమ్మాలో తేల్చమనే కదా చట్టం ఆయనను కూర్చోబెట్టింది. దాచిన చీటీ తర్వాత బయటపడితే వచ్చే చిక్కు, ఇప్పుడు రెండు తారీఖులు చెప్పడం వల్ల వచ్చే చిక్కు కంటే పెద్దది. నిజమైన తారీఖు మీద ఉత్తర్వు వస్తే మిగతా కాగితాలు దిద్దించుకోవడం శ్రమే. మెమోలో తారీఖు మార్పించడం మరీ కష్టం. ఆ శ్రమ ఉంటుందని ముందే తెలిసి దిగాలి.

బడీ లేక, ఆసుపత్రీ లేక, మంత్రసాని చేతుల్లో పుట్టి కూలికి వెళ్లి పెరిగినవాళ్ల మాటేమిటి? వాళ్లకు మిగిలేది అరుగు మీది మనుషులే. టీకాలమ్మ రాసుకున్న పుస్తకం, చర్చిలో బాప్తిస్మం రిజిస్టరు, తోబుట్టువుల బడి కాగితాలు కొంత ఆసరా అవుతాయి. తమ్ముడిది ఫలానా ఏడు, అక్క వాడికంటే రెండేళ్లు పెద్ద అని వెనక్కి లెక్కించుకోవచ్చు. అంతకుమించి చూసిన కళ్లే సాక్ష్యం. ఆ కళ్లు ఏటేటా తగ్గిపోతున్నాయి. మాస్టారి అత్తగారు రెండేళ్ల క్రితం పోయి ఉంటే, ఆసుపత్రి పుస్తకంలోని బుల్లెమ్మ ఎవరో చెప్పడం ఇంకెంత కష్టమయ్యేదో.

ఉత్తర్వు వచ్చింది. దాన్ని పట్టుకెళితే పట్నం రిజిస్ట్రారు రుసుము కట్టించుకుని, ఆ ఉత్తర్వు నంబరు వేసి, జననాన్ని ఈ ఏటి పుస్తకంలో రాశారు. ధ్రువపత్రం మీద పుట్టిన తేదీ 1986 ఆగస్టు 19 అనే ఉంటుంది. నమోదు తేదీ మాత్రం మొన్నటిది. దాన్ని చూసి అమ్మాయి ఫోనులో కంగారుపడింది. ‘ఇదేంటి నాన్నా, నేను పోయిన నెల పుట్టినట్టుంది’ అని. అది మారదు, మారకూడదు కూడా. పుట్టిన ఏడాది దాటాక నమోదైన ధ్రువపత్రం చూస్తే విదేశీ అధికారులు ఇంకొన్ని ఆధారాలు అడగవచ్చు. అందుకని ధ్రువపత్రం ఒక్కటే పంపి ఊరుకోకుండా, ప్రసవాల రిజిస్టరు నకలు, మెమో, అమ్మానాన్నల ప్రమాణపత్రాలు కూడా మరో జత చేయించి అమ్మాయికి పంపారు. ఆర్డీవో ఉత్తర్వు అసలు ప్రతి ఇంట్లోనే ఉంచుకున్నారు.

ఈ తిరుగుడంతా అయ్యాక మాస్టారు ఒక పని మొదలుపెట్టారు. ఓ రూళ్ల పుస్తకం కొని, అత్తగారి పక్కన కూర్చుని, ఆ ఇంట్లోనూ చుట్టుపక్కలా ఆవిడ ఎరిగిన పుట్టుకలన్నీ అడిగి రాసుకుంటున్నారు. ఆవిడ తిథీ వారం చెబుతుంది. ఈయన పంచాంగాలు ముందేసుకుని తారీఖు వేస్తారు. పక్కనే కాన్పు ఎక్కడయిందో, ఎవరు దగ్గరున్నారో, తల్లిని అప్పుడు ఏమని పిలిచేవారో కూడా రాస్తారు. వారం కలవకపోతే ఆవిడ ఒప్పుకోదు. ‘మీ పుస్తకం సరిగ్గా చూడండి అల్లుడుగారూ’ అంటుంది. ఒకటి రెండుసార్లు ఆయన వేరే ఏడాది పంచాంగం తీసి ఉన్నారట, ఆవిడ చెప్పిందే నిజమైంది. పుస్తకంలో ఉన్నవాళ్లలో కువైట్ వెళ్లిన ఒక మేనల్లుడికి ఎక్కడా నమోదు లేదని తేలింది. అతను పుట్టింది ఇంట్లోనే, లంకలోనే. పంచాయతీలో 1981, 82 రిజిస్టర్లు తీసి చూడమని దరఖాస్తు ఇచ్చి వచ్చారు.